బంగారం చేతికిచ్చినప్పుడు ఏమనాలి?

దసరా నాడు పొద్దు గూకే వేళకు సోలాపూర్ పూర్వభాగంలో మన వాడలన్నీ రోడ్డు మీదే ఉంటాయి. జమ్మి దగ్గర పూజ చేసి వచ్చిన మగవాళ్ల జేబుల్లో, పిల్లల గుప్పిళ్లలో జమ్మి ఆకు ఉంటుంది. దాన్ని మనం ఆకు అనము, బంగారం అంటాం. ఎదురైన వాళ్ల చేతిలో పెట్టి "బంగారం తీస్కో అన్నా" అంటాం. ఇచ్చేవాళ్ల మాట అందరికీ వచ్చినదే, చిన్న పిల్లలు కూడా తడబడకుండా అంటారు. తీసుకునేవాళ్ల మాట దగ్గరే తడబాటంతా. "ఆఁ, ఆఁ, మీకు కూడా" అని ఆకును పక్కనున్న బల్ల మీద పడేసేవాళ్లు ఎక్కువయ్యారు. "సేమ్ టు యూ" అని దాటిపోయేవాళ్లూ ఉన్నారు. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ ఇచ్చినవాడికి తన చేతిలోది ఎవరూ అందుకున్నట్టు అనిపించదు.

మన పెద్దల పద్ధతి చూస్తే జవాబులో రెండు పనులు ఉంటాయి. మొదటిది అందుకోవడం, రెండోది తిరిగి ఇవ్వడం. ఈ వరుస తప్పకూడదు. అందుకోకుండానే తిరిగి ఇస్తే అది బాకీ తీర్చినట్టే ఉంటుంది.

అందుకోవడమంటే పెద్ద తతంగమేమీ కాదు. చేతిలో పని ఉంటే ఒక్క నిమిషం ఆపాలి. బీడీల చాట ముందుంటే పక్కకు జరపాలి. కుడిచెయ్యి చాపి ఆకు తీసుకుని కళ్లకద్దుకోవాలి. ఇచ్చిన మనిషిని వరస పెట్టి పిలవాలి. "తీసుకున్న కాకా", "తెచ్చినవా బిడ్డా" అంటే చాలు, అందినట్టే. ఆ తర్వాతే మన మాట. తీసుకున్న ఆకును ఎక్కడ పెడుతున్నామన్నది కూడా జవాబులో భాగమే. దేవుడి దగ్గరో, బియ్యం డబ్బాలోనో, డబ్బులు పెట్టే పెట్టెలోనో వాళ్లు చూస్తుండగా పెడితే, నోటితో చెప్పని మాట కూడా చెప్పినట్టవుతుంది.

తిరిగి ఇచ్చేది వరసను బట్టి మారుతుంది. చిన్నవాళ్లు వచ్చి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే, వాళ్లకు మనం ఇవ్వవలసింది దీవెన. తల మీద చెయ్యి పెట్టి "సల్లగుండు బిడ్డా" అనడం అందరం చేసేదే. దానికి ఒక్క మాట కలిపితే ఆ దీవెన ఆ పిల్లదే అవుతుంది. పదో తరగతి చదివే పిల్లకు "పరీక్ష మంచిగ రాయి" అనొచ్చు. కొత్తగా మిల్లులో చేరిన పిల్లాడికి "రాత్రి పాళీకి పోతున్నవంట, కండ్లు కాపాడుకో" అనొచ్చు. పెళ్లయి వచ్చిన కోడలికి "మీ అమ్మ వాళ్లు మంచిగున్నరా?" అని అడగొచ్చు. ఆ ఒక్క మాట కోసం మనం వాళ్లను కొంచెం తలచుకోవాలి. దీవెనకు విలువ అక్కడే వస్తుంది.

ఈడు వాళ్లయితే దీవెన కుదరదు, ఇచ్చిపుచ్చుకోవడమే. మగవాళ్లు అలాయ్ బలాయ్ చేసుకుంటారు, ఆడవాళ్లు బొట్టు పెట్టుకుని చేతులు పట్టుకుంటారు. ఇక్కడ మన దగ్గరున్న ఆకు మనం తీసి ఇవ్వాలి. వాళ్లిచ్చిన ఆకునే మళ్లీ వాళ్ల చేతిలో పెడితే వద్దన్నట్టుగా ఉంటుంది. ఏడు గంటలకల్లా పిల్లలు ఆకంతా పంచేస్తారు, అందుకే ఒక చిన్న కొమ్మ విడిగా ఎత్తిపెట్టుకోండి. అదీ అయిపోతే వాళ్లిచ్చిన కొమ్మలోంచే రెండాకులు తుంచి, "నీ బంగారంలనే నీకు పాలు ఇస్తున్న వదినె" అనొచ్చు. నవ్వుతారు, తీసుకుంటారు.

పెద్దవాళ్లే ముందుగా మన ఇంటికి వచ్చి బంగారం ఇస్తే మాత్రం ముందు కూర్చోబెట్టాలి, తర్వాత కాళ్లు మొక్కాలి. "మేమే రావలసింది" అని రెండుసార్లు మూడుసార్లు సంజాయిషీ చెప్పక్కర్లేదు. "మా ఇల్లు వెతుక్కుంట ఒచ్చినవు పెద్దమ్మా, పండుగ నీతోనే ఒచ్చింది" అంటే ఆమె వచ్చినదానికి ఫలం దక్కినట్టే.

ఇక మన పక్కింటి మరాఠీ వాళ్ల సంగతి. వాళ్లు ఇచ్చేది జమ్మి కాదు, ఆపటా ఆకు. రెండు రెక్కలు అతికినట్టు ఉండే ఆకు అది. జమ్మిదేమో చిన్న చిన్న ఆకుల రెమ్మ. ఆకులు వేరైనా వాళ్లకూ అది బంగారమే. "సోన ఘ్యా, సోన్యాసారఖే రాహా" అంటారు. బంగారం తీసుకోండి, బంగారంలా ఉండండి అని. మన ముసలమ్మల్లో కొందరు మరాఠీ సరిగా రాదని సిగ్గుపడి, తల ఊపి లోపలికి పోతారు. అవతలివాళ్లకు అది ముఖం చాటేసినట్టు కనిపిస్తుంది. దానికి పెద్ద వాక్యం అక్కర్లేదు. ఆకు అందుకుని, మన జమ్మి రెమ్మ చేతిలో పెట్టి, "కాకూ, తుమ్హీ పణ్ ఘ్యా" అంటే చాలు. మీరూ తీసుకోండి అని అర్థం. అదీ రాకపోతే తెలుగులోనే "సల్లగుండు తల్లీ" అనండి. ఏళ్లకేళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్నవాళ్లకు ఆ మాట ఎట్లయినా అర్థమవుతుంది. జమ్మి, ఆపటా ఏది అసలు బంగారమని ఆ గుమ్మంలో వాదం పెట్టుకోవద్దు. రెండు ఆకులూ ఒకే పళ్లెంలో పెట్టుకునే ఇళ్లు మన వాడల్లో చాలా ఉన్నాయి.

అన్నిటికంటే కష్టమైన జవాబు ఆ ఏడు పండుగ లేని ఇంటివాళ్లది. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగలేదు. ఆ సంగతి తెలియని వాళ్లు ఎవరో నవ్వుతూ వచ్చి బంగారం చాపుతారు. "మాకు లేదు" అని ఒక్క ముక్కతో తలుపు వేస్తే, వచ్చినవాళ్లు తామేదో పాపం చేసినట్టు మెట్లు దిగుతారు. అట్లని ఏమీ చెప్పకుండా తీసుకుంటే ఇంట్లో వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. రెండూ కాకుండా ఇట్లా అనొచ్చు: "ఈ ఏడు మాకు పండుగ లేదు తమ్మీ, బాపు పోయిండు. నీ మాట మాకు అందింది. మీ ఇంట్ల అందరు మంచిగుండాలె." ఇందులో కారణం ఉంది, అందుకోవడం ఉంది, తిరిగి ఇవ్వడం కూడా ఉంది. ఆకు మాత్రం తీసుకోలేదు.

అక్కడ వచ్చినవాళ్లకూ ఒక జవాబు ఉంది. "అయ్యో, నాకు తెల్వదు, ఎప్పుడు, ఎట్ల పోయిండు" అని గుమ్మంలోనే మొదలుపెట్టొద్దు. ఆకు జేబులో పెట్టుకుని, చెయ్యి పట్టుకుని "రేపు ఒస్త" అనాలి. మరునాడు నిజంగానే వెళ్లాలి.

మన వాడలో ఒక ఇంటి ముచ్చట చెబుతాను. అన్నదమ్ములిద్దరికీ ఇంటి పాలు దగ్గర మాటామాటా వచ్చింది. కింద గది ఒకరిది, పై గది ఒకరిది, మెట్లు ఎవరివన్నది తేలలేదు. రెండు దసరాలు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. మూడో ఏడు తమ్ముడు జమ్మి పట్టుకుని అన్న గుమ్మం ముందు నిలబడ్డాడు. "బంగారం తీస్కో అన్నా" అన్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు.

ఆ ఘడియలో అన్నకు నోటిదాకా వచ్చే మాటలు మనందరికీ తెలుసు. "ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అన్నది ఒకటి. "ముందు మెట్ల సంగతి చెప్పు" అన్నది రెండోది. మొదటిది అంటే వచ్చినవాడు దోషిలా నిలబడాలి. రెండోది అంటే ఆకు కాస్తా కాగితం అవుతుంది, దాని మీద సంతకం అడిగినట్టు అవుతుంది. అన్న ఆ రెండూ అనలేదు. ఆకు తీసుకుని కళ్లకద్దుకున్నాడు. తమ్ముడు వంగితే తల మీద చెయ్యి పెట్టాడు. "సల్లగుండు. పిల్లలు ఏరి, తోలుకరాలేదా?" అన్నాడు. వదినె లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. పది నిమిషాల్లో పై నుంచి పిల్లలు దిగి వచ్చారు.

మెట్ల సంగతి ఆ రాత్రి తేలలేదు. తర్వాత నలుగురు పెద్దల్లో కూర్చుని, కొలిచి, కాగితం రాసుకునేదాకా తేలలేదు. ఆకు పాలు పంచదు, డబ్బు లెక్క కట్టదు. కానీ ఎదురెదురుగా కూర్చోవడానికి ముందు ఒకరి ముఖం ఒకరు చూడగలగాలి. ఆ జవాబు చేసిన పని అంతే. పాత లెక్క ఉన్నవాడు బంగారం ఇస్తే బంగారానికే జవాబు చెప్పాలి. లెక్కకు వేరే రోజు పెట్టుకోవాలి.

ఇప్పుడు సగం బంగారం ఫోన్‌లోనే వస్తుంది. సిరిసిల్ల నుంచి మేనత్త, భివండీ నుంచి చిన్నాయన కొడుకు ఒకే బొమ్మ పంపుతారు. దానికి మరో బొమ్మ పంపితే ఎవరు ఎవరికి పంపారో రేపటికి ఎవరికీ గుర్తుండదు. అందరికీ పంపిన బొమ్మకు బొమ్మే చాలు. మన పేరు పెట్టి రాసిన దానికి మాత్రం పేరు పెట్టే రాయాలి: "అత్తా, నీ బంగారం అందింది. మోకాలి నొప్పి ఎట్లున్నది? మామకు మొక్కిన అని చెప్పు." మూడు ముక్కలే, కానీ అత్త దాన్ని ఇంట్లో చదివి వినిపిస్తుంది. రాత్రి పాళీలో ఉండి చూడలేకపోతే మరునాడు రాయండి. "పాళీల ఉంటి, ఇప్పుడే చూసిన" అని ఒక్క మాట చాలు. బంగారం మరునాడు తీసుకున్నా బంగారమే.

జవాబు అందిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. అందితే వచ్చినవాళ్లు గుమ్మం దాటి లోపలికి వస్తారు, రెండు నిమిషాలు కూర్చుంటారు, వచ్చే ఏడు మళ్లీ వస్తారు. అందకపోతే చెయ్యి గాలిలోనే ఉండిపోతుంది, "పనుంది" అని వెనుదిరుగుతారు. మరుసటి ఏడు పిల్లవాడి చేతికి ఆకు ఇచ్చి పంపుతారు. ఆ పిల్లవాడు వచ్చినప్పుడైనా చేతిలో పని ఆపి, "మీ బాపు ఏడి బిడ్డా? నేనే వస్తున్న అని చెప్పు" అనండి. అని, ఒక జమ్మి కొమ్మ పట్టుకుని ఆ రాత్రే వాళ్లింటికి వెళ్లండి.