కీర్తన పాతదే, రికార్డు కాదు

త్యాగరాజు మీద ఎనిమిది నిమిషాల వీడియో చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకున్నారనుకుందాం. వెనక ఒక కీర్తన, తెర మీద తెలుగు అక్షరాలు, మధ్యలో నది దృశ్యాలు, ఒక బొమ్మ. ఆయన కాలం చేసింది 1847లో. కాబట్టి కీర్తన మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. ఆ ధైర్యంతోనే చాలామంది చేతికందిన రికార్డు వాడేస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

పాట హక్కు వేరు, దాన్ని పాడగా తీసిన రికార్డు హక్కు వేరు. మన చట్టంలో రికార్డు విడుదలైన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. 1960లో వచ్చిన రికార్డుకు ఇక్కడ 2020తో గడువు తీరింది. అమెరికాలో మాత్రం అలాంటి పాత రికార్డులకు ఇంకా రక్షణ ఉంది, మన వీడియో అక్కడా కనిపిస్తుంది. పది సెకన్లు వాడితే తప్పులేదనే మాట బాగా ప్రచారంలో ఉంది కానీ, అలాంటి మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు.

నన్నడిగితే, తెలిసిన వయొలిన్ విద్వాంసుల చేత వాయింపించుకోవడమే మంచి దారి. కానీ నోటిమాట చాలదు, అనుమతి రాతలో ఉండాలి. అందులో గడువు రాయకపోతే అది అయిదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం అర్థం చేసుకుంటుంది. అందుకే ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం’ అని స్పష్టంగా రాయించుకోండి.

ఉచితంగా దొరికే సంగీతానికైతే లైసెన్సు పేరులోని అక్షరాలు చూడాలి. NC ఉంటే వ్యాపారానికి వాడకూడదు, ప్రకటనల ఆదాయం వచ్చే వీడియోకు అది పనికిరాదు. ND ఉంటే మార్పులు చేయకూడదు. సంగీతాన్ని దృశ్యాలకు జత చేయడమే మార్పు కిందికి వస్తుందని క్రియేటివ్ కామన్స్ చెబుతుంది. ఈ సంగతి తెలియక చిక్కుల్లో పడేవాళ్లు ఎందరో!

అక్షరాల సంగతి తేలిక. గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర, మండలి వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, వీడియోలో నిశ్చింతగా వాడుకోవచ్చు. ‘సొంత వాడకానికే ఉచితం’ అన్న ఫాంటు జోలికి వెళ్లకండి. నది దృశ్యాల క్లిప్పు మీద ‘ఎడిటోరియల్’ అని ఉంటే దాన్ని ప్రకటనల్లో, ప్రాయోజిత వీడియోల్లో వాడకూడదు.

బొమ్మకు చిత్రకారుడు పోయిన ఏడాది లెక్క. రవివర్మ 1906లో, దామెర్ల రామారావు 1925లో పోయారు కాబట్టి వారి చిత్రాలకు గడువు తీరింది. బాపు పోయింది 2014లో, అంటే ఆయన బొమ్మలకు 2074 చివరి దాకా హక్కు ఉంటుంది. చూసి గీతల వెంట గీసినా అది నకలే. భంగిమ నుంచో, వాతావరణం నుంచో ఊహ తీసుకుని సొంతంగా గీస్తే ఇబ్బంది లేదు.

వీడియోను ముందు ప్రైవేటుగా ఎక్కిస్తే యూట్యూబ్ తనిఖీ చేసి, తన జాబితాలోని రికార్డులతో పోలిక ఉంటే చూపిస్తుంది. ఆ తనిఖీకి ఫాంటు లైసెన్సులు తెలియవు, వయొలిన్ విద్వాంసులు రాసిచ్చిన కాగితమూ తెలియదు. ఒక్కోసారి మీరు కొత్తగా వాయింపించుకున్న కీర్తననే ఏదో కంపెనీ రికార్డుగా పొరబడుతుంది. అప్పుడు అభ్యంతరం తెలపడానికి ఆ కాగితమే ఆధారం.