జీతం ఆపుతున్నప్పుడు రాయాల్సిన ఉత్తరం

2020 మార్చి నెలాఖరున, లాక్‌డౌన్ మొదలైన వారంలోనే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలు, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఉద్యోగుల్లో ఎక్కువమందికి సగం జీతమే అందింది. నాలుగో తరగతి సిబ్బందికి ఆపింది పది శాతమే. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేల జీతం మొత్తం ఆగింది. పైనున్నవారికి ఎక్కువ, కిందివారికి తక్కువ అన్న లెక్క న్యాయంగానే ఉంది. వైద్య, పోలీసు, పారిశుద్ధ్య సిబ్బందికి ఏప్రిల్‌లో పూర్తి జీతం పునరుద్ధరించారు.

కానీ ఆపిన డబ్బు ఏ తేదీన చేతికొస్తుందో ఉద్యోగులకు తెలియలేదు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. బకాయిలను 12 శాతం వడ్డీతో చెల్లించాలని కోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని ఆరు శాతానికి తగ్గించింది గానీ, చేసిన పనికి జీతం ఉద్యోగి హక్కు అన్న మాటను మాత్రం నిలబెట్టింది.

2020 ఏప్రిల్ 23న కేంద్ర ఆర్థికశాఖ కరవు భత్యం పెంపును నిలిపేస్తూ మెమో ఇచ్చింది. అది తీపి కబురేమీ కాదు. అయినా ఏయే మూడు వాయిదాలు ఆగుతాయో, 2021 జులై నుంచి పెరిగిన రేటు ఎలా కలుస్తుందో, మధ్యకాలం బకాయిలు రావన్న చేదు మాటతో సహా అందులో ఉంది. రాని డబ్బు కోసం ఎవరూ అప్పు చేయకుండా ఆ స్పష్టత కాపాడింది. 2021 జులై నుంచి భత్యం 17 నుంచి 28 శాతానికి చేరింది.

చిన్న సంస్థలకు ఈ పాఠం మరీ అవసరం. ఉదాహరణకు విజయవాడలో నలభైమంది పనిచేసే ఒక ప్రింటింగ్ ప్రెస్ అనుకుందాం. రావలసిన పెద్ద బిల్లు సెప్టెంబరు దాకా రాదు. నెలకు 2 లక్షల 60 వేలు తక్కువ పడుతోంది. యజమాని మూడు నెలలు తన లక్షన్నర తీసుకోడు. ఓవర్‌టైమ్, ప్రయాణ ఖర్చుల్లో 48 వేలు మిగులుతాయి. ఇంకా 62 వేలు కావాలి. ఈ కూడికను మెమోలో అలాగే రాయాలి. ‘అనివార్య పరిస్థితుల దృష్ట్యా’ అని రాస్తే చదివినవాడికి కంపెనీ మూతపడుతుందేమోనన్న భయమే మిగులుతుంది.

ఆ 62 వేలు ఎలా తేవాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. 50 వేలు దాటినవారికి 20 శాతం, అంతకు లోపు పది శాతం అని గీత గీస్తే, 50,500 జీతగాడికి చేతికొచ్చేది 40,400. 49,500 వాడికి 44,550. పైమెట్టు మీదున్నవాడు కిందివాడికంటే తక్కువ తీసుకుంటాడు. ఆదాయపు పన్నులాగా, 25 వేలు దాటిన భాగం మీదే 20 శాతం ఆపితే ఈ చిక్కు రాదు. 35 వేలవారు పదిమంది రెండేసి వేలు, 60 వేలవారు ఆరుగురు ఏడేసి వేలు ఆపుకుంటే లెక్క సరిగ్గా 62 వేలు. మిగిలిన ఇరవై నలుగురి జీతం 25 వేల లోపే కాబట్టి వాళ్లకు పైసా తగ్గదు.

మెమోలో అసలు వాక్యాలు ఇలా ఉండొచ్చు: ‘ఇది జీతం కోత కాదు, వాయిదా. జులై, ఆగస్టు, సెప్టెంబరు జీతాలకే వర్తిస్తుంది. ఆపిన సొమ్ము అక్టోబరు, నవంబరు, డిసెంబరు జీతాలతో మూడు సమాన భాగాలుగా ఇస్తాం. పీఎఫ్ పూర్తి జీతం మీదే కడతాం. ప్రసూతి సెలవులో ఉన్నవారికి, ఇంట్లో ఆసుపత్రి ఖర్చు ఉన్నవారికి, ఈలోగా పదవీ విరమణ చేసేవారికి ఇది వర్తించదు. మినహాయింపు కావలసినవారు మేనేజరును విడిగా కలవండి, ఆ విషయం బయటికి రాదు. బిల్లు ముందే వస్తే వాయిదా కూడా ముందే ఆగుతుంది. గడువు దానంతటదే పెరగదు.’

‘మనమంతా ఒకే కుటుంబం’ వంటి మాటలు ఇందులో రాయొద్దు. డబ్బు ఆపుతూ ఆ మాటంటే మనసు ఇంకా నొచ్చుకుంటుంది. ఈఎంఐ ఉన్నవాడికి సర్దుకునే వ్యవధి ముఖ్యం. కార్మికుల వేతన షరతులు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసివ్వాలని చట్టం చెబుతుంది. ముందుగా సూపర్‌వైజర్లకు చెప్పి, అదే రోజు అందరినీ కూర్చోబెట్టి యజమానే చదవాలి. శనివారం సాయంత్రం నోటీసుబోర్డుకు అంటించి వెళ్లిపోతే సోమవారానికి పుకార్లే మిగులుతాయి.

సంతకం పెట్టే ముందు ఒక పని చేయండి. ఆ కాగితాన్ని బైండింగ్ సెక్షన్‌లో ఒకరి చేతికిచ్చి, ‘వచ్చే నెల మీ చేతికి ఎంత వస్తుంది, ఆపింది ఎప్పుడు వస్తుంది?’ అని అడగండి. జవాబు చెప్పలేకపోతే మెమో మళ్లీ రాయండి.