పాత కంపెనీ నుంచి రావాల్సిన రెండు కాగితాలు

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, కొత్త ఉద్యోగం వచ్చింది. చేరే ముందు పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇమ్మంటున్నారు. నా దగ్గర రెండూ లేవు" అన్నాడు. వాడు హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థలో నాలుగేళ్లు అకౌంట్స్ చూశాడు. మానేసిన రోజు ఆఫీసులో కేక్ కోశారు, శాలువా కప్పారు, ఓనరు ఇంటికి భోజనానికి కూడా పిలిచాడు. ఆ సందడిలో లెటర్లు అడగాలని వాడికీ గుర్తు లేదు, ఇవ్వాలని వాళ్లకూ తోచలేదు. తర్వాత వాడు మూడేళ్లు బంధువుల వ్యాపారం లెక్కలు చూసుకున్నాడు కాబట్టి ఆ కాగితాల అవసరమే రాలేదు.

హెచ్ఆర్ విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసిన నాకు ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. గొడవపడి మానేసినవాళ్లు కాగితాల విషయంలో జాగ్రత్తగానే ఉంటారు. మంచిగా మానేసినవాళ్లే "ఎప్పుడడిగినా ఇస్తార్లే" అనుకుని వదిలేస్తారు. వాళ్లు నిజంగానే ఇస్తారు. అయితే మూడేళ్ల తర్వాత అడిగితే పని తీరు వేరుగా ఉంటుంది.

ముందు ఈ రెండు కాగితాల తేడా తెలియాలి. రిలీవింగ్ లెటర్ ఒక్క రోజు గురించి చెబుతుంది. మీ రాజీనామాను ఒప్పుకున్నాం, ఫలానా తేదీ సాయంత్రంతో మిమ్మల్ని విధుల నుంచి విడుదల చేశాం అనేది దాని సారాంశం. బాకీలేమీ లేవన్న మాట చాలాసార్లు ఇందులోనే ఉంటుంది. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మొత్తం కాలం గురించి చెబుతుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ హోదాలో, ఏం పని చేశారో అందులో ఉంటుంది. కొన్ని చోట్ల రెండూ కలిపి ఒకే లెటర్‌గా ఇస్తారు. అందులో రెండింటి వివరాలూ ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

మావాడు వెంటనే ఓనరుకు వాట్సాప్‌లో "సర్, రిలీవింగ్ లెటర్ పంపించండి" అని పెట్టబోయాడు. ఆగమన్నాను. మూడేళ్లలో ఆ ఆఫీసులో మనుషులు మారి ఉంటారు. లెటర్ టైపు చేసే వ్యక్తికి వీడెవరో తెలియకపోవచ్చు. వీడి ఫైలు ఏ బీరువాలో ఉందో, ఏ పాత కంప్యూటర్‌లో ఉందో వెతకాలి. అందుకే ఆ వెతుకులాట వాళ్లకు మిగల్చకుండా వివరాలన్నీ మనమే అందించాలి.

ఆ రాత్రి వాడు పాత మెయిళ్లు తిరగేశాడు. ఆఫర్ లెటర్ దొరికింది, చేరిన తేదీ 2018 జులై 2. జీతం పెంచుతూ 2020లో ఇచ్చిన లెటర్ దొరికింది, అప్పుడే జూనియర్ అకౌంటెంట్ నుంచి సీనియర్ అకౌంటెంట్ అయ్యాడు. 2022 మే 16న పంపిన రాజీనామా మెయిల్, చివరి పనిదినం జూన్ 15 అంటూ వచ్చిన జవాబు కూడా దొరికాయి. ఆఖరి పేస్లిప్ మీద ఎంప్లాయీ నంబరు ఉంది. తర్వాత ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో `Service History` తెరిచి చూడమన్నాను. ఆ సంస్థ పీఎఫ్‌లో నమోదు చేసిన చేరిన తేదీ, మానేసిన తేదీ అక్కడ కనిపిస్తాయి. మానేసిన తేదీ 2022 జూన్ 15 అనే ఉంది.

మర్నాడు ఓనరుకు ఫోన్ చేసి క్షేమం అడిగి, విషయం చెప్పి, మెయిల్ ఎవరికి పంపాలో కనుక్కున్నాడు. అకౌంట్స్ ఆఫీసులో నెలాఖరు జీతాల హడావుడి, జీఎస్టీ గడువులు ఉంటాయి కాబట్టి ఆ రోజులు తప్పించాడు. తర్వాత ఓనరుకు కూడా కాపీ పెడుతూ ఈ సారాంశంతో మెయిల్ పంపాడు:

"మేనేజర్ గారికి నమస్కారం. నేను మీ సంస్థలో 2018 జులై 2 నుంచి 2022 జూన్ 15 వరకు అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. నా ఎంప్లాయీ నంబరు, చేరినప్పటి హోదా, చివరి హోదా కింద రాశాను. మానేసిన సమయంలో రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోలేదు. కొత్త ఉద్యోగంలో చేరడానికి అవి అవసరమయ్యాయి. సంస్థ లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో ఇప్పించగలరు. ఈ నెల 20లోగా అందితే నాకు మేలవుతుంది. ఆఫర్ లెటర్, రాజీనామా, దానికి మీరిచ్చిన జవాబు, చివరి పేస్లిప్ జత చేశాను."

వారం దాకా జవాబు రాలేదు. మంచి సంబంధం ఉన్నచోట ఆలస్యం సాధారణంగా నిరాకరణ కాదు, ఆ పని ఎవరి బల్ల మీదో ఆగిపోయిందని అర్థం. కొత్త మెయిల్ రాయకుండా పాత మెయిల్ కిందే రెండు వాక్యాలు గుర్తుచేస్తూ రాయమన్నాను. రెండు రోజుల్లో లెటర్లు వచ్చాయి.

సంతోషంతో వాడు వాటిని అలాగే కొత్త కంపెనీకి పంపబోతుంటే మళ్లీ ఆపాను. చదివితే రెండు తప్పులు కనిపించాయి. చివరి తేదీ మే 31 అని ఉంది. పూర్తి నెల జీతం ఇచ్చిన ఆఖరి నెల మే కావడంతో జీతాల రిజిస్టరు చూసి ఎవరో ఆ తేదీ వేశారు. రెండోది, హోదా జూనియర్ అకౌంటెంట్ అని మాత్రమే ఉంది. 2020లో వచ్చిన ప్రమోషన్ ఊసే లేదు.

ఇవి చిన్న తప్పులు కావు. కొత్త కంపెనీ తరఫున బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు అభ్యర్థి రాసిన తేదీలను, లెటర్‌లోని తేదీలను, పాత కంపెనీ చెప్పే తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తారు. పీఎఫ్ వివరాలు కూడా అడిగేవాళ్లున్నారు. పదిహేను రోజుల తేడా ఉంటే అబద్ధం చెప్పాడేమోనన్న అనుమానం అభ్యర్థి మీదే పడుతుంది. రాజీనామాకు వచ్చిన జవాబు, ప్రమోషన్ లెటర్, పీఎఫ్ పేజీ కాపీ జతచేసి సవరణ అడిగితే, వాళ్లు నొచ్చుకుని మర్నాడే మార్చి ఇచ్చారు.

లెటర్ మీద తేదీ విషయంలో మాత్రం మావాడు ఒక పొరపాటు చేయబోయాడు. "2022 తేదీ వేసి ఇమ్మంటే బాగుంటుందేమో" అన్నాడు. వద్దన్నాను. ఈ రోజు రాసిన లెటర్ మీద ఈ రోజు తేదీయే ఉండాలి. ఉద్యోగి కోరిక మీద ఇప్పుడు ఇస్తున్నామని రాస్తే సరిపోతుంది. పాత తేదీ వేయించుకుంటే, ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ ఇద్దరికీ చిక్కే.

పీఎఫ్‌లో మానేసిన తేదీ అసలు నమోదే కాకపోతే, ఆ సంస్థ నుంచి ఆఖరి చందా జమై రెండు నెలలు దాటాక, సభ్యుడే పోర్టల్‌లోని `Mark Exit` ద్వారా నమోదు చేసుకోవచ్చు. ఒకసారి వేశాక మార్చడం సులువు కాదు కాబట్టి రాజీనామా ఒప్పుకున్న మెయిల్ ముందు పెట్టుకుని తేదీ వేయాలి.

విదేశాలకు వెళ్లేవాళ్లకు ఈ మామూలు సర్టిఫికెట్ చాలకపోవచ్చు. ఉదాహరణకు కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఇచ్చే లెటర్‌లో చేసిన పనుల వివరం, వారానికి గంటలు, ఏడాది జీతం, సంతకం చేసినవారి పేరు, హోదా, సంస్థ చిరునామా, ఫోన్, మెయిల్ ఉండాలి. ఏం ఉండాలో ముందే చెబితే పాత సంస్థను రెండోసారి ఇబ్బంది పెట్టనక్కర్లేదు.

సంస్థ మూతపడితే లెటర్ ఇచ్చేవాళ్లే ఉండరు. అప్పుడు ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, ఫారం 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ వివరాలు కలిపి చూపించి, విషయం కొత్త కంపెనీకి ముందే చెప్పాలి. నా అనుభవంలో, ముందే చెప్పినవాళ్ల మాట హెచ్ఆర్ వాళ్లు వింటారు.

ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో ఈ నెలలో ఉద్యోగం మానేస్తున్నవాళ్లు ఉంటే ఒక మాట. వీడ్కోలు రోజున కేక్ కోసే ముందే ఆ రెండు లెటర్లు అడిగి తీసుకోండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, పేరు అక్షరాలు సరిచూసుకుని, ఆఫీసు మెయిల్ మూతపడేలోగా మీ సొంత మెయిల్‌కు పంపుకోండి.