ఏ క్షణాన ఏ అక్షరమో చెప్పకుండానే...

మాటను రాతగా మార్చే యంత్రానికి శిక్షణ ఇవ్వాలంటే రికార్డయిన గొంతూ, అందులోని మాటల రాతప్రతీ కావాలి. కంప్యూటర్ గొంతును సాధారణంగా పది మిల్లీసెకన్లకొకటి చొప్పున ఫ్రేములుగా చూస్తుంది. మూడు సెకన్ల వాక్యానికి సుమారు 300 ఫ్రేములు వస్తాయి. రాతలో ఉండేది ఇరవయ్యో ముప్పయ్యో అక్షరాలు. ఏ ఫ్రేములో ఏ అక్షరం పలికిందో రాతప్రతిలో ఉండదు. మనుషులు విని గుర్తులు పెట్టాలంటే గంట రికార్డింగుకే రోజులు పడుతుంది.

అలెక్స్ గ్రేవ్స్, ఆయన సహచరులు 2006లో ప్రతిపాదించిన సీటీసీ పద్ధతి ఆ గుర్తులు లేకుండానే పని నడిపిస్తుంది. సరైన అమరిక ఏదో తేల్చే ప్రయత్నం మానేసి, సాధ్యమైన అమరికలన్నిటినీ లెక్కలోకి తీసుకుంటుంది.

ఇందుకోసం అక్షరాలకు తోడు ‘బ్లాంక్’ అనే గుర్తును చేర్చారు. దాన్ని ఇక్కడ ‘–’ అని రాద్దాం. ‘ఈ ఫ్రేములో కొత్త అక్షరమేదీ లేదు’ అని దాని అర్థం. నియమాలు రెండే. పక్కపక్కన వచ్చిన ఒకే అక్షరాలను ఒకటిగా కలపాలి, ఆ తర్వాత బ్లాంకులు తీసేయాలి.

‘కల’ అనే మాట మూడు ఫ్రేముల్లో పలికిందనుకుందాం. కకల, కలల, –కల, క–ల, కల– అనే ఐదు వరుసలూ చివరికి ‘కల’గానే తేలతాయి. నమూనా ఒక్కో ఫ్రేముకు ఇచ్చిన సంభావ్యతలు ఇవి:

మొదటిది: క 0.6, ల 0.1, – 0.3
రెండోది: క 0.3, ల 0.3, – 0.4
మూడోది: క 0.1, ల 0.7, – 0.2

‘క–ల’ వరుస విలువ 0.6 × 0.4 × 0.7, అంటే 0.168. ఇలాగే ఐదింటినీ లెక్కగట్టి కూడితే 0.519 వస్తుంది. దాని సంవర్గమానానికి గుర్తు మార్చితే సుమారు 0.66. అదే లాస్. శిక్షణలో దీన్ని తగ్గిస్తూ పోతారు. పొడవైన వాక్యాల్లో వరుసలు కోట్లను దాటిపోతాయి కాబట్టి, విడివిడిగా లెక్కించకుండా ఒక్కో ఫ్రేము దగ్గర అప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని దాచుకుంటూ ముందుకెళ్తారు.

‘మమత’ అన్న మాటతో బ్లాంక్ అవసరం ఇంకా బాగా తెలుస్తుంది. రెండు ‘మ’ల మధ్య బ్లాంక్ లేకపోతే అవి కలిసిపోయి ‘మత’ మిగులుతుంది. అందుకే మూడక్షరాల ఈ మాటకు కనీసం నాలుగు ఫ్రేములు కావాలి. మూడే ఉంటే ఒక్క వరుసా కుదరదు, సంభావ్యత సున్నా అవుతుంది, లాస్ అనంతమవుతుంది. నమూనా లోపల నాలుగేసి ఫ్రేములను ఒకటిగా కుదించినప్పుడు, గబగబా మాట్లాడిన రికార్డింగుల దగ్గర ఇదే జరుగుతుంది. శిక్షణ మధ్యలో లాస్ ‘ఇన్ఫినిటీ’ అని కనిపిస్తే ముందు చూడాల్సింది ఫ్రేముల సంఖ్యనే.

ఇంకో పరిమితి ఉంది. శిక్షణ పూర్తయిన నమూనా చాలా ఫ్రేములకు బ్లాంకే ఇచ్చి, అక్షరాన్ని ఒకటి రెండు ఫ్రేముల్లో చటుక్కున చూపిస్తుంది. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో లాస్ ఎన్నడూ అడగలేదు కదా! కాబట్టి మాటలు సరిగ్గా వచ్చినంత మాత్రాన వాటి సమయాలూ సరైనవని నమ్మకూడదు. సబ్‌టైటిళ్లలాంటి పనులకు వాటిని విడిగా సరిచూసుకోవాలి.