లైసెన్సు నంబరు అసలుదే, చూపించిన మనిషి?

వాట్సాప్‌లో ఒక పోస్టరు తిరుగుతుంది. పైన దుబాయి భవనాల ఫొటో. మధ్యలో "వేర్‌హౌస్ హెల్పర్లు కావలెను, జీతం 1,200 దిర్హాములు, రూమ్ ఫ్రీ, ఓటీ ఉంటుంది" అని పెద్ద అక్షరాలు. అడుగున ఒక సెల్ నంబరు, దాని పక్కనే "ప్రభుత్వ గుర్తింపు పొందిన ఏజెన్సీ" అంటూ పొడవాటి లైసెన్సు నంబరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లోనూ, అటు కోనసీమ, రాయచోటి వైపూ ఇలాంటి పోస్టర్లు కొత్త కాదు. ఆ నంబరు చూడగానే చాలామందికి సగం భయం పోతుంది. నిజానికి పరిశీలన మొదలుపెట్టాల్సింది అక్కడే.

ముందు ఆ లైసెన్సు ఏమిటో తెలియాలి. మన దేశం నుంచి మనుషులను విదేశీ ఉద్యోగాలకు పంపే వ్యాపారం ఎవరుపడితే వారు చేయడానికి లేదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, విదేశాంగ శాఖలోని ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర నమోదై, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకున్నవారే ఆ పని చేయాలి. దీన్నే వాడుకలో ఆర్‌సీ అంటారు, లేదా లైసెన్సు అంటారు. అది ఇచ్చేముందు ప్రభుత్వం ఏజెన్సీ నుంచి లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ తీసుకుంటుంది. అక్కడికి వెళ్లిన కార్మికుడు మోసపోయి తిరుగు టికెట్టుకు కూడా దిక్కులేక నిలబడితే, ఆ ఖర్చు రాబట్టడానికి ప్రభుత్వం చేతిలో ఉండే పట్టు అదే. లైసెన్సు లేని ఏజెంటు విషయంలో ఆ పట్టు ఉండదు. కేసు పెట్టవచ్చు, శిక్ష పడవచ్చు, కానీ మునిగిన అప్పు మాత్రం మన నెత్తినే ఉంటుంది.

ఏజెంటు ఆఫీసు గోడ మీద ఫ్రేములు కట్టి వేలాడదీసిన కాగితాలు చాలా ఉంటాయి. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ సర్టిఫికెట్, కార్మిక శాఖ ఇచ్చే షాపు లైసెన్సు, చిన్న పరిశ్రమల నమోదు పత్రం, ఏదో ఐఎస్ఓ ముద్ర. అవన్నీ అసలువే కావచ్చు. ఆ పేరుతో ఒక వ్యాపారం ఉందని మాత్రమే అవి చెబుతాయి. దుబాయికి కూలీలను పంపే హక్కు వాటిలో ఏ ఒక్కదానితోనూ రాదు. విద్యార్థులకు వీసా కన్సల్టెన్సీ నడిపేవారు, విమానం టికెట్లు అమ్మే ట్రావెల్స్ వారు కూడా ఆర్‌సీ లేకుండా ఉద్యోగాలకు మనుషులను తీసుకోకూడదు. కాబట్టి అడగాల్సింది ఒక్కటే: "మీ ఆర్‌సీ చూపించండి, నంబరు రాసుకుంటాను." అసలైన ఏజెన్సీ ఆ మాటకు నొచ్చుకోదు. ఎందుకంటే ఆ నంబరును ఆఫీసులో కనిపించేలా పెట్టడం, ప్రకటనల్లో వేయడం వాళ్ల బాధ్యతే.

ఇప్పుడు పోస్టరు దగ్గరికి వద్దాం. జగిత్యాల దగ్గరి పల్లెలో తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన యువకుడి చేతికి అది వచ్చిందనుకుందాం. పోస్టర్‌లోని నంబరుకు ఫోన్ చేస్తే అవతలి మనిషి, "మొత్తం ఎనభై అయిదు వేలైతది తమ్ముడూ, ముందు ఇరవై వేలు ఫోన్‌పే చెయ్, మిగతాది వీసా వచ్చినంక" అన్నాడు. యువకుడు ఫోన్‌లో emigrate.gov.in తెరిచాడు. అది విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్. 2024 అక్టోబరులో దాన్ని కొత్తగా తీర్చిదిద్ది మొబైల్ యాప్ కూడా తెచ్చారు. అందులో రిక్రూటింగ్ ఏజెంట్ల విభాగానికి వెళితే నమోదైన ఏజెన్సీల జాబితా ఉంటుంది. పేరుతో గానీ, నంబరుతో గానీ వెతకవచ్చు.

పోస్టరులోని నంబరు కొట్టగానే ఏజెన్సీ పేరు వచ్చింది, లైసెన్సు చెల్లుబాటులోనే ఉంది. చాలామంది ఇక్కడ ఫోన్ పక్కన పెట్టేసి డబ్బు సర్దుబాటు చేసుకోవడం మొదలుపెడతారు. మోసగాడు కోరుకునేది సరిగ్గా ఇదే. దొంగ నంబరు సృష్టిస్తే రెండు నిమిషాల్లో దొరికిపోతానని అతనికి తెలుసు. అందుకే వేరెవరిదో అసలు నంబరు తెచ్చి తన పోస్టరు మీద అచ్చువేస్తాడు. నంబరు ఉందా లేదా అన్నది తేలింది సరే. ఆ నంబరుకూ ఫోన్‌లో మాట్లాడిన మనిషికీ సంబంధం ఉందా అన్నది ఇంకా తేలలేదు.

మన యువకుడు ఆ వివరాలను చివరిదాకా చదివాడు. ఏజెన్సీ చిరునామా ముంబైలో ఉంది. అక్కడ ఇచ్చిన ఫోన్ నంబరు, పోస్టరులోని సెల్ నంబరు ఒకటి కాదు. ఆ అధికారిక నంబరుకే ఫోన్ చేసి మూడు సంగతులు అడిగాడు. దుబాయిలో వేర్‌హౌస్ హెల్పర్ల రిక్రూట్‌మెంటు మీ దగ్గర నడుస్తోందా? కంపెనీ పేరేమిటి? ఈ సెల్ నంబరు మీ ఉద్యోగిదేనా? అవతల నుంచి వచ్చిన జవాబు: అలాంటి ఉద్యోగాలు మా దగ్గర లేవు, ఆ మనిషెవరో మాకు తెలియదు. ఒక్క ఫోన్ కాల్‌తో ఎనభై అయిదు వేల అప్పు తప్పింది.

ఒక్కోసారి జవాబు ఇంత సూటిగా రాదు. "మావాడే, మాకు మనుషులను తెచ్చిస్తాడు" అంటారు. ఊళ్లలో ఏజెంటుగా చలామణి అయ్యేవాళ్లలో చాలామంది ఇలాంటి సబ్ ఏజెంట్లే. చట్టంలో వీళ్లకు చోటు లేదు. లైసెన్సు ఉన్న సంస్థ మరో ఊళ్లో బ్రాంచి పెట్టాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. సబ్ ఏజెంటు మన బంధువే కావచ్చు, గతంలో పదిమందిని పంపి ఉండవచ్చు. అయినా అతని చేతిలో పెట్టిన డబ్బుకు రసీదు రాదు, రేపు ఏజెన్సీ మాకు తెలియదంటే రుజువూ ఉండదు. డబ్బు ఇవ్వాల్సివస్తే ఆర్‌సీలో ఉన్న పేరు మీది బ్యాంకు ఖాతాకే పంపాలి, ఆ పేరుతోనే రసీదు తీసుకోవాలి. సర్వీసు ఛార్జీ కింద ఏజెన్సీ వసూలు చేయగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. కలిపి 35,400. ఎనభై వేలు, లక్ష అన్న మాట వినిపించిందంటే, ఏజెన్సీ అసలుదే అయినా వ్యవహారం గాడి తప్పిందని అర్థం.

ఏజెన్సీ సంగతి తేలాక యజమాని సంగతి. ఒప్పందం మీద ముగ్గురి సంతకాలు ఉండాలి: విదేశీ యజమాని, ఏజెన్సీ, కార్మికుడు. పని, జీతం, పని గంటలు, వసతి అందులో రాసి ఉండాలి. పదో తరగతి పాసవ్వని వారి పాస్‌పోర్టుకు ఈసీఆర్ వర్తిస్తుంది. అంటే గల్ఫ్ దేశాలు, మలేసియా సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఆ క్లియరెన్స్ కోసం యజమాని కూడా ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉండాలి, కార్మికుడి పేరిట ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉండాలి. ఆ బీమా పది లక్షల రూపాయలది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. యజమాని నమోదు కాలేదు, బీమా ఊసే లేదు, అయినా వీసా మాత్రం సిద్ధమంటే అక్కడ ఆగిపోవాలి.

యూఏఈ విషయంలో ఇంకో సౌకర్యం ఉంది. అక్కడి ప్రైవేటు కంపెనీ ఇచ్చే ఆఫర్ లెటర్ ఆ దేశ కార్మిక శాఖ నమూనాలో ఉండాలి. అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు హిందీ, ఉర్దూ వంటి భాషల్లోనూ అది దొరుకుతుంది. దాని మీద ఉండే నంబరుతో ఆ శాఖ వెబ్‌సైట్ mohre.gov.ae లో ఆఫర్ అసలుదో కాదో సరిచూసుకోవచ్చు. కంపెనీ లెటర్‌హెడ్ మీద అందమైన ముద్రతో వచ్చిన పీడీఎఫ్ ఇందుకు సాటి రాదు. అలాంటిది ఇంట్లో కంప్యూటరు మీద గంటలో తయారవుతుంది. అయితే ఫ్రీజోన్లలోని కంపెనీలు ఆయా జోన్ల అధికార సంస్థల కిందికి వస్తాయి కాబట్టి వాటి ఆఫర్లు ఇక్కడ కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు భారత రాయబార కార్యాలయాన్నో, దుబాయిలోని కాన్సులేట్‌నో అడిగి తెలుసుకోవాలి. కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు కూడా ఆఫర్ లెటర్ మీది నంబరు వాడకండి. కంపెనీ నంబరును వేరేగా వెతికి పట్టుకోండి. ఆ లెటర్ రాసినవాడే దాని మీది ఫోనూ ఎత్తవచ్చు.

ఏజెంటు నోటి నుంచి ఒక మాట వచ్చిందంటే ఇక ఏ వెబ్‌సైటూ చూడక్కర్లేదు. "ముందు విజిట్ వీసా మీద పోదాం, అక్కడికి పోయినంక మారుస్తరు. ఎయిర్‌పోర్టుల మనకు సెట్టింగ్ ఉన్నది." విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం. అలా వెళ్లినవారి పేరు ఒప్పందంలోనూ ఉండదు, క్లియరెన్సులోనూ ఉండదు. గడువు దాటితే జరిమానా, పట్టుబడితే జైలు.

పది పాసైనవారికి ఈసీఆర్ ఇబ్బంది లేదు, క్లియరెన్స్ అవసరం లేదు. అది వాళ్లకు వెసులుబాటే, కానీ మధ్యలో ఆపి అడిగే ప్రభుత్వ అధికారి ఉండడు. డిగ్రీలు చదివినవారు కూడా మోసపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారంలో యువకులకు చూపిన ఆశ డేటా ఎంట్రీ ఉద్యోగం, చేయించింది సైబర్ మోసాలు. కంబోడియా ఆ 18 దేశాల్లో లేదు. అక్కడికి పంపే ఏజెంటుకు కూడా ఆర్‌సీ ఉండాల్సిందే, కానీ అది ఉందో లేదో చూసుకోవాల్సింది ఆ యువకుడే, అదీ విమానం ఎక్కకముందే.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏజెన్సీ న్యాయంగా ఉంటుందని కాదు. లైసెన్సు ఉన్నవారే ఎక్కువ వసూలు చేసిన ఫిర్యాదులు ఉన్నాయి. తేడా ఏమిటంటే, వారి మీద ఫిర్యాదు చేస్తే లైసెన్సు సస్పెండ్ కావచ్చు, బ్యాంకు గ్యారంటీ పోవచ్చు, కాబట్టి పిలిస్తే పలుకుతారు. ఇష్టమైతే ప్రైవేటు ఏజెన్సీలు కాకుండా ప్రభుత్వ సంస్థల దారిలోనూ వెళ్లవచ్చు: తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్. సందేహం వస్తే డబ్బు కట్టకముందే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేయండి. నంబరు 1800-11-3090, ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం కూడా ఉంది. ఇప్పటికే డబ్బు ఇచ్చి ఉంటే ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ మాటలు, ఆ పోస్టరు దేన్నీ చెరపకుండా దాచి, పోలీస్ స్టేషన్‌లోనూ ఆ కార్యాలయంలోనూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. లైసెన్సు లేకుండా రిక్రూట్‌మెంటు చేసినందుకు ఎమిగ్రేషన్ చట్టం కింద రెండేళ్ల వరకు జైలు పడవచ్చు కాబట్టి, మోసం సెక్షన్లతో పాటు ఆ చట్టాన్నీ ఫిర్యాదులో ప్రస్తావించమని స్టేషన్‌లో అడగండి.