ఒక్క క్షమాపణ చెప్పలేకపోయిన రాజు

అది హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలం. షామ్ ప్రాంతంలో తరతరాలుగా రాజ్యమేలిన గస్సాన్ వంశపు చివరి రాజు జబలా బిన్ ఐహమ్. క్రీ.శ. 636లో జరిగిన యర్మూక్ యుద్ధంలో అతడు రోమన్ల పక్షాన ముస్లింలకు వ్యతిరేకంగా పోరాడాడు. తరువాత ఇస్లాం స్వీకరించాడనీ, పరివారంతో వైభవంగా మదీనాకు వచ్చాడనీ, ఖలీఫాతో పాటు హజ్‌కు వెళ్లాడనీ పలు చరిత్ర గ్రంథాలు ఉల్లేఖిస్తున్నాయి.

కాబా గృహం చుట్టూ తవాఫ్ చేస్తుండగా ఫజారా తెగకు చెందిన ఒక సామాన్యుడి కాలు పొరపాటున జబలా వస్త్రపు అంచు మీద పడింది. వస్త్రం జారింది. జబలా వెనుదిరిగి అతణ్ణి ముఖం మీద బలంగా కొట్టాడు. ముక్కు పగిలింది. బాధితుడు ఖలీఫా వద్ద మొరపెట్టుకున్నాడు. హజ్రత్ ఉమర్ (రజి) జబలాను పిలిపించి విచారించారు. అతడు కొట్టలేదని బుకాయించలేదు. ఖలీఫా అతని ముందు రెండు మార్గాలు ఉంచారు: బాధితుణ్ణి ఒప్పించి రాజీ చేసుకోవాలి, లేదా అదే దెబ్బను తాను కూడా స్వీకరించాలి.

జబలా నివ్వెరపోయాడు. తాను రాజు, అతడు సామాన్యుడు, ఇద్దరినీ ఒకే త్రాసులో ఎలా తూస్తారని అడిగాడు. ఇస్లాం ఇద్దరినీ సమానం చేసిందని ఖలీఫా బదులిచ్చారు. ఇస్లాంలోకి వస్తే తన గౌరవం మునుపటికంటే పెరుగుతుందని అనుకున్నానని జబలా వాపోయాడు. ఆలోచించుకోవడానికి ఒక రాత్రి గడువు కోరాడు. గడువు లభించింది. ఆ రాత్రే తన మనుషులతో సహా పారిపోయి రోమన్ చక్రవర్తి ఆశ్రయం చేరాడు. వచ్చిన ధర్మాన్నీ వదులుకున్నాడు.

ఈ గాథ వివరాలలో చరిత్రకారుల మధ్య భేదాలున్నాయి. ఈ ఘటన డమాస్కస్‌లో జరిగిందని కొందరు వ్రాశారు. మరికొందరు వేరే కారణం చెప్పారు. అయినా ముస్లిం సమాజం శతాబ్దాలుగా ఈ గాథను చెప్పుకుంటూనే ఉన్నది. ఎందుకంటే అందులో మన ముఖం మనకు కనిపిస్తుంది.

ఒక విషయం గమనించండి. జబలాకు ఆరాధన కష్టం కాలేదు. కుట్టని వస్త్రం ధరించి జనసమూహంలో నడిచాడు. అల్లాహ్ ముందు తల వంచడానికి అతని రాచరికం అడ్డు రాలేదు. అడ్డు వచ్చింది ఒక సామాన్యుడి ముందు తల వంచవలసి వచ్చినప్పుడు. అహంకారం దాగి ఉండే చోటు ఇదేనని మేము భావిస్తున్నాం. నమాజులో నేలకు ఆనిన నుదురే, కార్యాలయంలో తన క్రింద పనిచేసే మనిషి ముందు వంగడానికి నిరాకరిస్తుంది.

దైవప్రవక్త (స) అహంకారానికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చారు. హృదయంలో రవ్వంత అహంకారమున్నవాడు స్వర్గంలో ప్రవేశించలేడని ఆయన హెచ్చరించినప్పుడు, ఒక వ్యక్తి తన సందేహం వెలిబుచ్చాడు. మనిషి మంచి బట్టలు, మంచి చెప్పులు కావాలనుకుంటాడు కదా, అదీ అహంకారమేనా? కాదని ఆయన వివరించారు. అల్లాహ్ సౌందర్యాన్ని ప్రేమిస్తాడనీ, సత్యాన్ని త్రోసిపుచ్చటం, ప్రజలను చులకనగా చూడటమే అహంకారమనీ తెలిపారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. కనుక ఖరీదైన కారు, పెద్ద జీతం, పేరు వెనుక డిగ్రీలు వాటంతట అవే అహంకారం కావు. అలాగే సాదా దుస్తులు వినమ్రతకు సాక్ష్యమూ కావు.

ఈ రెండు లక్షణాలూ ఎలా కలిసి పనిచేస్తాయో చూద్దాం. ఒక ఆసుపత్రిలో పేరున్న వైద్యుణ్ణి ఊహించుకోండి. రౌండ్లలో ఒక రోగికి అమోక్సిసిలిన్ వ్రాశారు. ప్రక్కనున్న నర్సు, “సార్, ఈయనకు పెన్సిలిన్ పడదని కేసు షీటులో ఉంది” అన్నది. “నాకు పాఠాలు చెబుతావా? నీ పని నువ్వు చూసుకో!” అని రోగుల ముందే గద్దించారు. అరగంట తరువాత కేసు షీటు తిరగేస్తే ఆమె చెప్పిందే నిజం. పెన్సిలిన్ పడని మనిషికి ఆ మందు ప్రాణాపాయం కాగలదు. ఆయన మారుమాటాడకుండా మందు మార్చి వెళ్లిపోయారు.

రోగి బ్రతికాడు. మరి సత్యాన్ని అంగీకరించినట్లేనా? కాగితం మీద అంగీకరించారు, మనిషి ముందు కాదు. మందు చీటీ సరిదిద్దబడింది గాని ఆమె గౌరవం సరిదిద్దబడలేదు. దాని ఫలితం తరువాత కనిపిస్తుంది. మరోసారి పొరపాటు కంటబడినా ఆమె నోరు మెదపదు. తన చుట్టూ ఉన్నవారు తన తప్పు ఎత్తిచూపడం మానేశారంటే అది తాను తప్పులు చేయడం లేదనడానికి గుర్తు కాదు. వారు భయపడుతున్నారనడానికి గుర్తు. ఇంజినీరైనా, న్యాయవాదైనా, వ్యాపారి అయినా తనను తాను పరీక్షించుకోవడానికి ఇదొక నమ్మకమైన కొలమానం.

జబలాకు పూర్తి భిన్నమైన ఆదర్శం హజ్రత్ అబూజర్ (రజి)లో కనిపిస్తుంది. ఆయన ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి అవమానించారు. ఆయనలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉన్నదని దైవప్రవక్త (స) మందలించారు. సేవకులు మీ సోదరులేననీ, మీరు తినేదే వారికి తినిపించాలనీ, మీరు ధరించేదే వారికి ధరింపజేయాలనీ బోధించారు. సంవత్సరాల తరువాత రబజా అనే చోట ఒక వ్యక్తి అబూజర్ (రజి)ను కలిశాడు. ఆయనా, ఆయన సేవకుడూ ఒకే రకమైన వస్త్రాలలో ఉన్నారు. కారణమడిగితే ఆయన తన పాత తప్పునే వినిపించారు. సహీహ్ బుఖారీలో ఈ ఉల్లేఖనం ఉన్నది. ఇద్దరూ తప్పు చేసినవారే. ఒకరు తన వస్త్రాన్ని త్రొక్కినందుకు చేయెత్తాడు. మరొకరు తన వస్త్రాన్నే సేవకునితో సమానం చేసి, తప్పును ఏనాడూ మరువలేదు.

తోటి మనిషికి చేసిన అన్యాయం విషయంలో కేవలం తౌబాతో మన బాధ్యత తీరదు. దీనారు, దిర్హము పనికిరాని ఆ దినం రాకముందే బాధితుని వద్ద దానిని పరిష్కరించుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. లేనిపక్షంలో మన పుణ్యాలు అతనికి ఇవ్వబడతాయి. కనుక ఆ వైద్యుడు తిరిగి అదే వార్డుకు వెళ్లాలి. అవమానం పదిమందిలో జరిగింది గనుక, గదిలోకి పిలిచి చెప్పే మాట సరిపోదు. “సిస్టర్, ఇందాక మీరు చెప్పిందే నిజం. నేను అలా గద్దించడం తప్పు, క్షమించండి” అంటే చాలు. ‘పని ఒత్తిడిలో ఉన్నాను గాని’ అని జోడిస్తే అది క్షమాపణ కాదు, వాదన.

వినమ్రత అంటే తన విద్యను దాచుకోవడం కాదు, ఎవరు ఏమన్నా తలూపడం కాదు. ఒకవేళ నర్సే పొరబడి ఉంటే, కారణం వివరించి తన నిర్ణయంపై నిలబడటం వైద్యుని విధి. చులకన చేయడం మాత్రం అప్పుడూ తగదు.

జబలా కాన్‌స్టాంటినోపుల్‌లో సుఖసంపదల మధ్య జీవించాడని ఉల్లేఖకులు అంటారు. అయినా, ఆ రోజు ఖలీఫా మాట విని ఉంటే బాగుండేదనీ, ఎడారిలో ఒంటెలు మేపుకుంటూ బ్రతికినా మేలేననీ విలపించాడట. ఒక సామాన్యునితో సమానంగా నిలబడలేనివాడు చివరికి ఒంటెల కాపరి బ్రతుకును ఆశించాడు.

అతనికి ఒక రాత్రి గడువు దొరికింది. ఫజారా మనిషి గుడారం దూరమేమీ కాదు. ఆ రాత్రిని అతడు ప్రయాణపు మూటలు కట్టుకోవడానికి వాడుకున్నాడు. మనం కించపరిచిన వ్యక్తి ఎవరో మనకు తెలుసు. అతని ఫోన్ నంబరూ బహుశా మన వద్దనే ఉంటుంది. ఈ రాత్రి మనకూ గడువే.