మృతదేహం ఇల్లు చేరేలోగా ఎవరి పని ఏది? ఒక బాధ్యతల పట్టిక

సౌదీలో మన తెలుగువారు ఎవరైనా చనిపోయారని కబురు వస్తే సాయం చేసేవాళ్ళకు కొదవ ఉండదు. క్యాంపులో పక్క మంచం మిత్రుడు, కంపెనీ మందూబ్, సంఘం కార్యకర్తలు, రియాద్‌లో ఉన్న బంధువు, ఊళ్ళో బావమరిది అందరూ ఫోన్లు పట్టుకుంటారు. నాలుగు రోజులు గడిచాక "అన్నా, ఎంబసీకి ఎవరు పోయిండ్రు?" అని అడిగితే, ప్రతివాడూ ఇంకొకడు వెళ్ళాడనే అనుకుని ఉంటాడు. ఇది మంచితనం తక్కువై వచ్చే ఆలస్యం కాదు, పని పంచుకోకపోవడం వల్ల వచ్చేది. అందుకని మేము కొందరం కార్యకర్తలం కేసు మొదలైన రోజే ఒక కాగితం మీద పట్టిక గీస్తాము. కంపెనీల ప్రాజెక్టుల్లో పనిచేసిన మిత్రులకు ఇది ఆర్.ఏ.సి.ఐ. చార్టుగా పరిచయమే.

పట్టికలో ఎడమవైపు పనులు ఉంటాయి. ప్రతి పనికీ నాలుగు గళ్ళు: చేసేవారు, ఆమోదించేవారు, సలహా చెప్పేవారు, తెలియజేయాల్సినవారు. చేసేవారు ఇద్దరు ముగ్గురు ఉండవచ్చు. ఆమోదించేవారు మాత్రం ఒక్కరే ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉన్నా, అందులో రెండు పేర్లు ఉన్నా పని అక్కడే ఆగుతుంది. ఇది కంపెనీలో ఎంత నిజమో మన కేసుల్లోనూ అంతే. ఒక తేడా ఉంది. కంపెనీలో ఆమోదించేది మన మేనేజరే. ఇక్కడ ఆమోదించే గడిలో సంఘం పేరు దాదాపు ఎక్కడా రాదు.

ఒక కేసు ఊహించుకుందాం. జగిత్యాల జిల్లా మనిషి ఒకరు దమ్మాంలో గుండెపోటుతో గురువారం రాత్రి ఆసుపత్రిలో చనిపోయారు. భార్య ఊళ్ళో ఉన్నారు, అన్నగారు రియాద్‌లో పనిచేస్తున్నారు. పట్టిక ఇలా వస్తుంది.

| పని | చేసేవారు | ఆమోదించేవారు | సలహా | తెలియజేయాల్సినవారు |
|---|---|---|---|---|
| ఇంటికి పంపాలా, ఇక్కడే ఖననమా. అధికార పత్రం | భార్య తమ్ముడు | భార్య | కార్యకర్త | కంపెనీ, అన్నగారు |
| ఆసుపత్రి, పోలీసు, మరణ ధ్రువపత్రం కాగితాలు | మందూబ్ | కంపెనీ మేనేజరు | కార్యకర్త | ఎంబసీ |
| నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు రద్దు | కార్యకర్త | ఎంబసీ | మందూబ్ | భార్య తమ్ముడు |
| ఖర్చు, కార్గో బుకింగ్ | మందూబ్ | కంపెనీ మేనేజరు | కార్యకర్త | అన్నగారు |
| హైదరాబాద్‌లో తీసుకోవడం | భార్య తమ్ముడు | భార్య | కార్యకర్త | ఊళ్ళో కుటుంబం |

మొదటి వరస దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువ గొడవ ఇక్కడే పుడుతుంది. అన్నగారు సౌదీలోనే ఉన్నారు కదా, ఆయన మాట సరిపోతుందని అందరూ అనుకుంటారు. ఎంబసీ అడిగేది మాత్రం చట్టబద్ధమైన వారసులు సంతకం చేసి, ఫలానా వ్యక్తికి అధికారం ఇస్తున్నామని రాసిన పత్రం. దేహాన్ని ఇండియాకు పంపాలో, ఇక్కడే ఖననం చేయాలో కూడా అందులో స్పష్టంగా ఉండాలి. భార్య ఒకరి పేరున, తండ్రి ఇంకొకరి పేరున వేర్వేరు పత్రాలు పంపితే, ఎవరి మాట చెల్లుతుందో తేలేదాకా ఏ కార్యాలయమూ కదలదు. అందుకే ఆమోదించే గడిలో భార్య పేరు ఒక్కటే రాస్తాము. అన్నగారిని పక్కన పెట్టడం కాదు ఇది. ఆయన తెలియజేయాల్సినవారి గడిలో ఉన్నారు, ప్రతి సాయంత్రం ఆయనకు ఫోను వెళ్ళాలి.

ఇంకొక మాట. శుక్ర, శనివారాలు ఇక్కడ ఆఫీసులకు సెలవు. గురువారం రాత్రి మరణం జరిగితే ఆదివారం దాకా సౌదీ వైపు కాగితం పెద్దగా కదలదు. ఈ రెండు రోజుల్లో ముందుకు తీసుకెళ్ళగలిగేది మొదటి వరసే, అది ఊళ్ళో జరిగే పని. పట్టిక గీసుకుంటే ఈ సంగతి కంటికి కనబడుతుంది. గీసుకోకపోతే రెండు రోజులూ ఓదార్పు ఫోన్లతోనే గడిచిపోతాయి.

రెండో వరసలో మందూబ్ పేరు ఉండటం ముఖ్యం. కంపెనీ తరఫున ఆసుపత్రికీ, షుర్తాకూ, అహ్వాల్‌కూ, జవాజాత్‌కూ తిరిగే మనిషి ఆయనే. కార్యకర్త ఎంత అరబీ మాట్లాడినా కంపెనీ లెటరు తేలేడు. కార్యకర్త ఆయన వెంట ఉంటాడు, కాగితాల్లో పేరు స్పెల్లింగు పాస్‌పోర్టుతో సరిపోయిందో లేదో చూస్తాడు. మన ఇంటిపేర్లు అరబీలోకి వెళ్ళి మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి వేరే మనిషి పేరైపోతుంది!

ఖర్చు వరసలో మన సంఘాలు తరచు తప్పటడుగు వేస్తాయి. కబురు రాగానే చందాలు మొదలుపెడతారు. సౌదీలో అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం చట్టవిరుద్ధం. పైగా ఈ ఖర్చు నిజానికి మనది కాదు. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణ ప్రకారం, దేహాన్ని సిద్ధం చేసి, కార్మికుణ్ణి తీసుకొచ్చిన చోటికి పంపే ఖర్చు యజమానిదే. కుటుంబ సమ్మతితో ఇక్కడే ఖననం చేసినప్పుడు, లేదా సామాజిక బీమా సంస్థ గోసీ ఆ ఖర్చు భరించినప్పుడు మాత్రం మినహాయింపు. అందువల్ల ఆమోదించే గడిలో కంపెనీ మేనేజరు పేరు రాసి, ఆయనతో అవుననిపించుకోవాలి. మనిషి కంపెనీ వదిలి బయట పనిచేస్తున్నవాడైతే, యజమాని ఎవరో దొరకకపోతే, ఆ గడిలో పేరు మారుతుంది. 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి నిరుపేద కేసుల్లో ఎంబసీ ఈ ఖర్చు భరించగలదు. అప్పుడు ఆమోదం ఎంబసీది, దరఖాస్తు రాయించే పని కార్యకర్తది.

పట్టిక సరిగ్గా ఉందో లేదో చూడటానికి ముందు అడ్డంగా చదవండి: ప్రతి వరసలో ఆమోదించేవారు ఒక్కరే ఉన్నారా? తర్వాత నిలువుగా చదవండి. చేసేవారి గడుల్లో అన్నిచోట్లా ఒకే కార్యకర్త పేరు ఉంటే, ఆయనకు డ్యూటీ మారిన రోజున కేసు మొత్తం ఆగుతుంది. సలహా గడిలో ఆరుగురు పెద్దమనుషుల పేర్లు ఉంటే అది ఇంకో రోగం. సలహా అంటే పని చేయకముందే అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆరుగురిని అడిగి ఆగే సమయం ఇక్కడ లేదు. పెద్దల గౌరవం కోసమైతే వారిని తెలియజేయాల్సినవారి గడిలో పెట్టండి. వారికి విషయం అందుతుంది, పని ఆగదు.

ఈ పట్టికకు హద్దులు ఉన్నాయి. రోడ్డు ప్రమాదం, ఆత్మహత్య, అనుమానాస్పద మరణం అయితే మొదటి వరసకు పైన ఇంకో వరస చేరుతుంది: దర్యాప్తు ముగిసి దేహాన్ని విడుదల చేయడం. అక్కడ ఆమోదం పూర్తిగా సౌదీ అధికారులది. మన పట్టిక దాన్ని ఒక్క రోజు కూడా ముందుకు జరపలేదు. కుటుంబానికి ఆ మాట తొలిరోజే చెప్పడం మంచిది. లేకుంటే వాళ్ళు ఎంబసీనీ కంపెనీనీ తిట్టుకుంటూ కూర్చుంటారు.

చివరి వరసను జనం ఖాళీగా వదిలేస్తుంటారు, ఎందుకంటే ఇక్కడివాళ్ళకు విమానం ఎక్కించడంతో పని అయిపోయినట్లు అనిపిస్తుంది. శంషాబాద్ కార్గోలో దేహాన్ని తీసుకునే మనిషి పేరు, ఫోను బుకింగుకు ముందే రాసి ఉండాలి. ఆయన తన గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుని, సరుకు రసీదు నంబరు, విమానం సమయం ఇక్కడి నుంచి తెప్పించుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ ఎన్నారై విభాగం విమానాశ్రయం నుంచి సొంత ఊరికి ఉచిత అంబులెన్స్ ఇస్తుంది. దానికి ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి, దేహం దిగాక కాదు.